కరెంటు బిల్లుతో మొదలుపెట్టిన పోర్ట్‌ఫోలియో

1931లో లండన్‌లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ తనను ఎవరూ అడగని బొమ్మ ఒకటి గీశాడు. అతను భూగర్భ రైల్వే సిగ్నల్స్ విభాగంలో సాంకేతిక చిత్రాలు గీసినవాడు. అప్పటిదాకా వచ్చిన రైలు మ్యాపులు నగరపు మ్యాపు మీద రంగు గీతలు పరిచినట్టుండేవి. నగరం నడిమధ్యలో స్టేషన్ల పేర్లు కిక్కిరిసిపోయేవి, శివార్లలో ఖాళీ మిగిలిపోయేది. బెక్ దూరాలను పక్కన పెట్టేశాడు. అడ్డం, నిలువు, 45 డిగ్రీల ఏటవాలు గీతలు మాత్రమే ఉంచాడు. నేల కింద ప్రయాణించే మనిషికి పైనున్న వీధులతో పనిలేదు, ఏ స్టేషను తర్వాత ఏది వస్తుంది, ఎక్కడ రైలు మారాలి అన్నవి తెలిస్తే చాలు అని అతని లెక్క. ప్రచార విభాగం మొదట వద్దంది. 1932లో 500 కాపీలు వేసి చూశారు. 1933లో అది జేబు మ్యాపుగా ప్రయాణికుల చేతికొచ్చింది.

ఇంజనీరింగు చదివి, కొన్నేళ్ళు ఆ ఉద్యోగమే చేసి, ఇప్పుడు డిజైన్ వైపు రావాలనుకునేవాళ్ళు నన్ను సలహా అడిగితే ముందు ఈ మ్యాపు గురించే చెబుతాను. బెక్ దగ్గర క్లయింటు లేడు, డిజైన్ పట్టా లేదు. అతను చూపించింది ఒక నిర్ణయం: ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఎందుకు. పోర్ట్‌ఫోలియో చూసేవాళ్ళు వెతికేది కూడా అదే. అందమైన తెరల వరుస చూశాక వాళ్ళడిగే మొదటి ప్రశ్న "ఇది ఇలాగే ఎందుకుంది?" అని. దానికి జవాబున్న పని ఒక్కటి చేతిలో ఉన్నా సంభాషణ మొదలవుతుంది.

మన దగ్గర ఎక్కువమంది నడిచే దారి వేరు. ఆన్‌లైన్ కోర్సులో చేరతారు, ఫిగ్మా నేర్చుకుంటారు, తర్వాత పేరున్న ఫుడ్ డెలివరీ యాప్‌నో క్యాబ్ యాప్‌నో తీసుకుని రంగులు, బటన్లు మార్చి "రీడిజైన్" అని పెడతారు. ఇందులో చిక్కేమిటంటే ఆ యాప్ ఇప్పుడున్నట్టు ఎందుకుందో బయటివాళ్ళకి తెలిసే వీలు లేదు. ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పే లెక్కలు ఆ కంపెనీ లోపల ఉంటాయి. కొత్తది పాతదానికంటే మెరుగని నిరూపించే దారి మనకుండదు. పైగా ఆ కోర్సులో చేరిన ప్రతివాళ్ళ దగ్గరా అదే పని ఉంటుంది.

మొదటి పనికి వస్తువును ఎంచుకునేటప్పుడు నేను మూడు సంగతులు చూడమంటాను. అది చేత్తో పట్టుకుని కొలవగలిగేదై ఉండాలి. దాన్ని వాడే మనుషులు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలి. దాన్ని చదవడంలో ఎవరైనా పొరపాటుపడితే ఆ పొరపాటు మన కళ్ళకు కనబడాలి. ఈ మూడూ ఉన్న వస్తువు ప్రతి ఇంట్లోనూ ఉంది: మీటరు రీడింగుకు వచ్చిన మనిషి చేతి మిషన్ నుంచి చింపి ఇచ్చే కరెంటు బిల్లు. దీన్నే మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం.

ముందు స్కేలు తీసుకుని బిల్లును కొలవాలి. డిస్కమ్‌ను బట్టి బిల్లు రూపు మారుతుంది కాబట్టి మన ఇంటికొచ్చినదే ఆధారం. ఇలాంటి చిన్న థర్మల్ ప్రింటర్లలో బాగా వాడుకలో ఉన్నది 58 మిల్లీమీటర్ల కాగితం, అందులో అచ్చు పడేది 48 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు 8 చుక్కల చొప్పున ఒక వరుసలో 384 చుక్కలు. కాగితం ఎంత పొడుగైనా పోవచ్చు, వెడల్పు మాత్రం అంతే. ప్రింటరులో ముందే ఉండే ఇంగ్లీషు అక్షరం 12 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉంటుంది, అంటే వరుసకు 32 అక్షరాలు. రంగు లేదు, బూడిద ఛాయ కూడా లేదు. చుక్క నల్లగా పడుతుంది, లేదా పడదు. ముఖ్యమైనదాన్ని ముఖ్యమైనదిగా చూపించడానికి అక్షరం సైజు, చుట్టూ వదిలే ఖాళీ తప్ప వేరే సాధనం దాదాపు లేదు. నల్ల పట్టీ వేసి తెల్ల అక్షరాలు వదలవచ్చు గానీ, అంత నలుపు వేడి చేయడానికి ప్రింటరు తల ఎక్కువ కరెంటు లాగుతుంది. రోజంతా ఇల్లిల్లూ తిరిగే చేతి మిషన్‌కు బ్యాటరీయే ప్రాణం.

ఇలాంటి పరిమితుల పట్టిక తయారు చేయడం ఇంజనీరుకు కొత్తేమీ కాదు. డిజైన్ కోర్సుల్లో చాలా పనులు తెల్లటి ఖాళీ తెరతో మొదలవుతాయి, అక్కడ ఏదైనా సాధ్యమే. నిజమైన పనిలో ఏదీ ఉచితం కాదు. ఈ తేడాను పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీలోనే చూపించగలగడం ఇంజనీరుకున్న అసలైన బలం.

ఇప్పుడు బిల్లులో ఏముందో చూడాలి. సర్వీసు నంబరు, కేటగిరీ, పాత రీడింగు, కొత్త రీడింగు, యూనిట్లు, ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, విద్యుత్ సుంకం, పాత బకాయి, గడువు తేదీ, ఇంకా కొన్ని. అన్నీ కలిపి 25 వరుసలు అనుకుందాం. ఇక్కడ కొత్తవాళ్ళకి సగం వరుసలు తీసిపారేసి బిల్లును శుభ్రంగా చేసేయాలనిపిస్తుంది. అది కుదరదు. బిల్లులో ఏ వివరాలుండాలో విద్యుత్ నియంత్రణ మండలి నిబంధనలు చెబుతాయి. మన చేతిలో ఉన్నది క్రమం, సైజు, ఖాళీ, మాట. ఈ సంగతి తెలుసుకుని పనిచేశారా లేదా అన్నది చూసేవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

తర్వాత తెలుగు. బిల్లంతా తెలుగులో ఉండాలని మనసు కోరుకుంటుంది, నాక్కూడా అదే ఇష్టం. కానీ లెక్క వేయాలి. చాలా ప్రింటర్లలో తెలుగు లిపి ముందే ఉండదు, బొమ్మగా పంపాలి. ఇంగ్లీషు అక్షరం ఒక అంతస్తయితే మనది మూడు: పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వొత్తు. "రాష్ట్రం" లాంటి చోట్ల కింద ఇంకో వొత్తు కూడా చేరుతుంది. 24 చుక్కల ఎత్తులో ఇవన్నీ ఇరికిస్తే అసలు అక్షరానికి సగం ఎత్తే మిగులుతుంది. ద, ధ, థల తేడా పోతుంది, ట వొత్తు లోపలి ఖాళీ నల్లగా పూడిపోతుంది. కంప్యూటరు తెర మీద ఇది కనబడదు, ఎందుకంటే తెర అంచులను బూడిద రంగుతో నునుపు చేస్తుంది. థర్మల్ కాగితం మీద ఆ నునుపు ఉండదు. ఒక్క చుక్క మందమున్న గీత తెగిపోతుంది, కనీసం రెండు చుక్కలుండాలి. తెలుగు వరుసకు ఖాళీతో కలిపి 40 చుక్కలు, అంటే 5 మిల్లీమీటర్లు ఇస్తేగానీ హాయిగా చదవలేం.

25 వరుసలకూ అంతే ఇస్తే బిల్లు పొడుగు 125 మిల్లీమీటర్లవుతుంది. ఇంగ్లీషు వరుసకు ఖాళీతో కలిపి 30 చుక్కలు చాలు కాబట్టి అది 94 మిల్లీమీటర్లలో ముగుస్తుంది. కాగితపు చుట్ట 15 మీటర్లదనుకుంటే ఇంగ్లీషులో దాదాపు 160 బిల్లులు, తెలుగులో 120. మీటరు రీడరు దారిలో చుట్ట మార్చడం పెరుగుతుంది, సంస్థకు కాగితం ఖర్చు నాలుగింట ఒక వంతుకు మించి పెరుగుతుంది. "తెలుగులో పెడితే సరిపోతుంది కదా" అనే మంచి ఉద్దేశానికీ, డిజైన్‌కీ మధ్య ఉన్న దూరం ఈ 40 బిల్లులే.

దీనికి మధ్యదారి వెతకాలి. ఇంట్లోవాళ్ళు బిల్లు అందుకోగానే చూసేది రెండే: ఎంత కట్టాలి, ఎప్పటిలోపు. ఆ రెండింటినీ పైకి తెచ్చి, పెద్ద తెలుగులో పెడదాం. శీర్షికకు 40 చుక్కలు, అంకెలకు 72 చుక్కలు, గడువు తేదీకి 48, కింద ఖాళీ 24. మొత్తం 184. దాని కింద పాత రీడింగు, కొత్త రీడింగు, యూనిట్లు తెలుగులోనే మూడు వరుసలు, 120 చుక్కలు. మిగిలిన 20 వరుసలు చిన్నవిగానే ఉంటాయి. వాటిలో పొట్టిగా ఉన్న ఎనిమిదింటిని వరుసకు రెండు చొప్పున సర్దితే 16 వరుసలవుతాయి, 480 చుక్కలు. అంతా కలిపితే 784 చుక్కలు, 98 మిల్లీమీటర్లు. చుట్టకు 153 బిల్లులొస్తాయి. చిన్న వరుసల్లో ఉన్న చార్జీల అర్థాలు తెలుగులో కావాలంటే చుట్ట వెనకవైపు ముందే అచ్చు వేయించవచ్చు, ముందువైపు పొడుగు పెరగదు.

అంకెల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. చాలా ఫాంట్లలో 1 సన్నగా, 8 వెడల్పుగా ఉంటాయి. అలాంటివి వాడితే చార్జీల వరుసలో ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడవు, కూడుకోవడానికి చూసే కన్ను తడబడుతుంది. అన్ని అంకెలకూ ఒకే వెడల్పున్న ఫాంటును ఎంచుకోవాలి. పై పెద్ద మొత్తంలో ఒక్కో గుర్తుకు 40 చుక్కల వెడల్పు ఇస్తే రూపాయి గుర్తు, కామాలతో సహా ₹1,23,456 అనే తొమ్మిది గుర్తులు 360 చుక్కల్లో పడతాయి. ఇంటి బిల్లు అంత రాదు గానీ, పెద్ద దుకాణానికి రావచ్చు. సరిపోతుందని ముందే చూసుకున్నామన్నది పోర్ట్‌ఫోలియోలో ఒక చిన్న బొమ్మతో చెప్పాల్సిన మాట.

ఇలా అరుదుగా వచ్చే సందర్భాలను వెతకడం ఇంజనీరుకు అలవాటైన పనే. ఇల్లు తాళం వేసి ఉంటే రీడింగు లేకుండా "డోర్ లాక్" బిల్లు వస్తుంది, అప్పుడు మూడు రీడింగు వరుసల్లో ఏముండాలి? పాత బకాయి ఉంటే పైన పెద్దగా కనిపించాల్సింది ఈ నెలదా, మొత్తమా? తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా వాడే అర్హులైన ఇళ్ళకు 2024 మార్చి నుంచి సున్నా బిల్లులొస్తున్నాయి. ఆ ఇంట్లో పైన పెద్ద సున్నా చూసి కాగితం పక్కన పడేస్తారు. వాళ్ళకి అసలు కావలసిన సంగతి 200కి ఎంత దగ్గరగా ఉన్నామన్నది. కాబట్టి సున్నా బిల్లులో యూనిట్ల అంకె పైకెక్కి పెద్దదవ్వాలి. ఒకే బిల్లుకు నాలుగు రూపాలు గీయాల్సి వస్తుంది. నా దృష్టిలో ఈ నాలుగు రూపాల పేజీయే మొత్తం పనిలో విలువైనది, ఎందుకంటే కొత్తవాళ్ళ పోర్ట్‌ఫోలియోల్లో అన్నీ సవ్యంగా ఉన్న ఒక్క సందర్భమే కనిపిస్తుంది.

ఇక పరీక్ష. తెర మీద చూపించి పరీక్షిస్తే లాభం లేదు. చిన్న బ్లూటూత్ థర్మల్ ప్రింటరు సంపాదించి, లేదా తెలిసిన దుకాణంలో అడిగి, అసలు సైజులో అచ్చు తీయాలి. పాత బిల్లును కూడా అదే ప్రింటరు మీద, అదే అంకెలతో తీయాలి, లేకపోతే పోలిక చెల్లదు. ఇరుగుపొరుగులో అయిదారుగురు చాలు. వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు, ఇంగ్లీషు రానివాళ్ళు, ఇంటి బిల్లులు కట్టే బాధ్యత ఉన్నవాళ్ళు ఉండాలి. "ఎలా ఉంది పిన్నిగారూ?" అని అడిగితే "బాగుంది బాబూ" అనే అంటారు. ఆ మాటతో మనకు తెలిసేది ఏమీ లేదు. బిల్లు చేతికిచ్చి, "ఈ నెల ఎంత కట్టాలండీ? ఎప్పటిలోపు?" అని అడిగి ఊరుకోవాలి. ఫోన్లో టైమరు నడుస్తూ ఉండాలి.

అప్పుడు చూడాల్సింది వేలు. వేలు ఎక్కడ మొదలై ఎక్కడెక్కడ ఆగుతుందో రాసుకోవాలి. కొత్త రీడింగును చూసి అదే కట్టాల్సిన మొత్తమనుకోవడం, గడువు తేదీకి బదులు కనెక్షన్ తీసేసే తేదీ చదవడం, బకాయి కలపని అంకె చెప్పడం, ఇవన్నీ జరగగలవు. జవాబు సరిగ్గా చెప్పినా వేలు మూడుసార్లు కిందికీ పైకీ తిరిగిందంటే క్రమం ఇంకా కుదరలేదని అర్థం. ఒకే చోట ఇద్దరు తప్పారంటే ఆ చోటు మార్చి మళ్ళీ అచ్చు తీయాలి. ఆరుగురితో చేసిన పరీక్షకు శాతాలు కట్టకూడదు. "పాత బిల్లుతో ఆరుగురిలో ఇంతమంది తప్పు అంకె చెప్పారు, కొత్తదానితో ఇంతమంది" అని ఉన్నదున్నట్టు రాస్తే చాలు. చూసేవాళ్ళకి నమ్మకం కలిగేది అలాంటి వాక్యం మీదే.

దీన్ని పేజీగా పేర్చేటప్పుడు మొదట కనబడాల్సింది చేతిలో పట్టుకున్న కొత్త బిల్లు ఫోటో, దాని పక్కన పాతది. పాత బిల్లులో పేరు, సర్వీసు నంబరు, చిరునామా చెరిపేయాలి. "స్వయంగా చేపట్టిన పని, సంస్థకు సంబంధం లేదు" అని పైనే రాయాలి. డిస్కమ్ గుర్తును క్లయింటు గుర్తులా వాడితే ఆ ఒక్క కారణంతోనే పోర్ట్‌ఫోలియో పక్కకుపోవచ్చు, పోవడం న్యాయం కూడా. తర్వాత పరిమితులు, చుట్టకు ఎన్ని బిల్లులన్న లెక్క, వదిలేసిన రూపాలు రెండు మూడు, అవి ఎందుకు ఓడాయో ఒక్కో వాక్యం, నాలుగు సందర్భాలు, పరీక్ష. చివర ఏం పరీక్షించలేదో కూడా రాయాలి: ఎండలో పెట్టిన కాగితం ఎన్నాళ్ళకు వెలిసిపోతుంది, అసలు మిషన్‌లో బొమ్మగా పంపితే అచ్చుకు ఎంతసేపు పడుతుంది, మీటరు రీడరు ఏమంటాడు. ఇంజనీర్లు చేసే పొరపాటు ఏమిటంటే జరిగినదంతా జరిగిన వరుసలో నివేదికలా రాసేయడం. చదివేవాళ్ళు ముందు ఫలితం చూసి, ఆసక్తి ఉంటే కారణాల్లోకి దిగుతారు.

ఈ ఒక్క పనితో సరిపోదు. బిల్లు ఆలోచనను చూపిస్తుంది గానీ, కన్నును చూపించదు. రంగు, బొమ్మ, అక్షరాల అందం ఇందులో లేవు, ఇంజనీరు మీద చూసేవాళ్ళకు అనుమానం ఉండేది సరిగ్గా అక్కడే. ఆ అనుమానం సమంజసమైనదే. కన్ను తయారవడానికి లెక్కలు సాయపడవు. దీనికి నాకు తెలిసిన మంచి సాధన నకలు తీయడం. బాగా కూర్చిన పత్రిక పేజీనో, పుస్తకం అట్టనో తీసుకుని కొలతలు చూడకుండా అచ్చంగా తిరిగి కట్టాలి. తర్వాత అసలుదాన్ని స్కాన్ చేసి పైన పరచాలి. మనం వదిలిన ఖాళీ ఎక్కడ తక్కువైందో, శీర్షిక ఎక్కడ బరువెక్కిందో అప్పుడు కనబడుతుంది. మొదట్లో తేడా ఎక్కువగా శీర్షిక చుట్టూ ఖాళీలోనే ఉంటుంది, మనం ఇరికిస్తాం. ఈ నకళ్ళను పోర్ట్‌ఫోలియోలో పెట్టకూడదు, అవి కసరత్తు మాత్రమే.

తెలుగులో పనిచేయాలనుకునేవాళ్ళకి ఇంకో కసరత్తు ఉంది. ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఫాంట్లలో ఒకే పేరాను, ఒకే శీర్షికను కూర్చి అచ్చు తీయాలి. రామభద్ర శీర్షికగా గంభీరంగా నిలబడుతుంది, అదే పేరాలో పెడితే పేజీ అంతా నల్లబడుతుంది. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు పెడితే పై వరుస వొత్తు కింది వరుస గుడిని తాకుతుంది. ఎంత ఎడంలో ఆ తాకుడు ఆగుతుందో ఒక్కో ఫాంటుకు ఒక్కోలా ఉంటుంది. తెలుగు కూర్పు మీద ఇంత శ్రద్ధ పెట్టి చేసిన పని పోర్ట్‌ఫోలియోల్లో నాకు చాలా అరుదుగా కనిపిస్తుంది, కనిపించినప్పుడు ఆగి చూస్తాను.

కాబట్టి రెండో పని కన్ను చూపించేదిగా ఉండాలి: ఊరి గ్రంథాలయానికి పోస్టర్ల వరుస, తెలిసిన రచయిత కథల పుస్తకానికి అట్ట, లోపలి పేజీలు. మూడోది తెర మీద పని కావచ్చు, అదే కరెంటు బిల్లును ఫోన్లో కట్టే దారి. అప్పుడు కాగితం మీద తీసుకున్న నిర్ణయాల్లో ఏవి తెరకు పనికొచ్చాయి, ఏవి మారాయి అన్నది తనంతట తనే ఒక కథవుతుంది. తెర మీద రంగులొస్తాయి కాబట్టి అక్షరానికీ వెనకున్న రంగుకూ మధ్య తేడా కొలవాలి. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు ఆ నిష్పత్తి కనీసం 4.5కి 1 ఉండాలి. లేత బూడిద అక్షరాలు తెల్ల నేపథ్యం మీద అందంగా కనిపించి ఈ పరీక్షలో ఓడిపోతుంటాయి.

ఇప్పటి ఉద్యోగంలో చేసిన తెరలు, డ్యాష్‌బోర్డులు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. చేరేటప్పుడు సంతకం చేసిన ఒప్పందంలో గోప్యత షరతు చదవాలి. రాతపూర్వకంగా అనుమతి వస్తే కల్పిత అంకెలతో తిరిగి గీసి పెట్టవచ్చు. అనుమతి లేకపోతే పెట్టకూడదు. దాచాల్సిన పనిని బయటపెట్టిన మనిషి రేపు తమ పనినీ అలాగే బయటపెడతాడని ఎదుటివాళ్ళు అనుకుంటారు.

పోర్ట్‌ఫోలియోతో పాటు చదువూ కావాలనుకునేవాళ్ళకి ఎం.డెస్ ఉంది. ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ పరీక్ష రాసి అక్కడి ఐడీసీలోనో, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగంలోనో చేరే అవకాశం ఇంజనీరింగు పట్టా ఉన్నవాళ్ళకి ఉంది. ఆ పరీక్షలో బొమ్మ గీయాల్సిన భాగం కూడా ఉంటుంది. ఫిగ్మాలో మాత్రమే సాధన చేసినవాళ్ళు పెన్సిలుతో చెయ్యి, కుర్చీ, నిలబడ్డ మనిషి గీయడానికి ముందునుంచే కూర్చోవాలి. రెండేళ్ళు జీతం లేకుండా ఉండగలరా అన్నది ఇంటి లెక్క, దానికి బయటివాళ్ళ సలహా పనికిరాదు. నేరుగా ఉద్యోగానికి వెళితే మొదటి చోట జూనియరుగానే చేరాల్సి రావచ్చు, ఇంజనీరుగా గడించిన ఏళ్ళన్నీ జీతంలోకి రావు. కానీ వైద్య పరికరాలు, విద్యుత్తు, ఫ్యాక్టరీ యంత్రాల తెరలు చేసే కంపెనీల్లో ఆ ఏళ్ళకు విలువుంటుంది. మెకానికల్ ఇంజనీరు ముందుగా దరఖాస్తు చేయాల్సింది అలాంటి చోట్లకే. అక్కడి ఇంటర్వ్యూలో కరెంటు బిల్లు బల్ల మీద పెడితే చుక్కల లెక్క అడుగుతారు, 72 చుక్కల అంకెను 60కి తగ్గిస్తే ఏమవుతుందని అడుగుతారు. రెండు సైజుల్లోనూ అచ్చు తీసిన కాగితాలు సంచిలో ఉంచుకోవడం మంచిది.